డాబా మీద వడియాలు: ఒక కామిక్ పేజీని గడులుగా విడదీసి, మాటల బుడగలు అమర్చడం ఎలా

కామిక్ పేజీ గీయడం మొదలుపెట్టినవారు ఎక్కువగా బొమ్మ గురించే ఆలోచిస్తారు. బొమ్మ పూర్తయ్యాక మిగిలిన ఖాళీలో మాటలు ఇరికిస్తారు. ఫలితంగా పాఠకుడు జవాబును ముందు చదివి, ప్రశ్నను తరువాత చదువుతాడు. నవ్వు రావలసిన చోట అతనికి నవ్వు రాదు, ఎందుకు రాలేదో గీసినవారికీ తెలియదు. అందుకే ఈ వ్యాసంలో బొమ్మ ఎలా గీయాలో చెప్పబోవడం లేదు. ఒకే ఒక్క పేజీని ఉదాహరణగా తీసుకుని, కాగితం మీద కొలతలు వేయడం దగ్గరనుంచి చివరి పరీక్ష వరకు, పాఠకుడి చూపు మనం అనుకున్న దారిలోనే నడిచేలా ఎలా అమర్చాలో వివరిస్తాను.

ఉదాహరణ కథ చాలా చిన్నది. అమ్మమ్మ డాబా మీద పాత చీర పరిచి బియ్యప్పిండి వడియాలు పెట్టింది. కాకులు వాలకుండా మనవడిని కాపలా ఉంచింది. వాడు కాకిని నిజంగానే తరిమాడు. అయితే సగం ఎండిన వడియం రుచి ఎలాంటిదో మీకు తెలిసే ఉంటుంది. అమ్మమ్మ తిరిగి వచ్చేసరికి సగం చీర ఖాళీగా ఉంది.

మొదట మాటలు, తరువాత గడులు

పెన్సిల్ పట్టకముందే కథను గడులవారీగా వాక్యాల్లో రాసుకోవాలి. ఒక గడిలో ఒక్క పని మాత్రమే జరగాలి. "చిన్నా కర్ర ఊపాడు, కాకి ఎగిరిపోయింది, వాడు వడియం అందుకున్నాడు" అని ఒకే గడికి రాసుకుంటే దాన్ని గీయలేరు. ఎందుకంటే నిలిచి ఉన్న బొమ్మలో మనిషి ఒక్క భంగిమలోనే ఉంటాడు. మన కథను విడదీస్తే ఆరు గడులు వచ్చాయి.

1. డాబా అంతా కనిపించే దృశ్యం. అమ్మమ్మ: "చిన్నా, కాకులు వాలకుండా చూస్తూ ఉండు." చిన్నా: "నేనున్నాగా, అమ్మమ్మా!"
2. పిట్టగోడ మీద కాకి. చిన్నా కర్ర ఎత్తి: "హుష్!"
3. చిన్నా చేతిలో ఒక వడియం, దగ్గరనుంచి. మాటలు లేవు.
4. చీర సగం ఖాళీ. పిట్టగోడ నీడ పొడుగైంది. మాటలు లేవు.
5. అమ్మమ్మ వచ్చింది: "వడియాలు సగమే ఉన్నాయేమిట్రా?" చిన్నా: "ఒక్క కాకి కూడా ముట్టుకోలేదు, అమ్మమ్మా!" అమ్మమ్మ: "మరి ఏమైపోయాయి?"
6. చిన్నా మూతికి పిండి. పైన పిట్టగోడ మీద కాకి వాడినే చూస్తోంది. మాటలు లేవు.

ఆరు గడుల్లో మూడింటికి మాటలే లేవని గమనించండి. కొత్తవారు నాలుగో గడిలో "కొంతసేపటి తరువాత" అని ఒక పెట్టె పెడతారు. నీడ పొడుగైందని బొమ్మ చెబుతున్నప్పుడు ఆ పెట్టె అక్కర్లేదు. పెట్టె పెట్టక తప్పని కథల్లో దానిని గడి పై అంచున ఎడమ మూలలో ఉంచాలి, చూపు గడిలోకి మొదట దిగేది అక్కడే కాబట్టి.

పేజీ కొలతలు

అచ్చయ్యేది ఏ4 పరిమాణంలో అనుకుందాం. గీయడం మాత్రం ఏ3 కాగితం మీద చేయడం మంచిది, చిన్న చిన్న చేతి వణుకులు తగ్గింపులో కనిపించకుండా పోతాయి. ఏ3 నుంచి ఏ4కు వచ్చేటప్పుడు ప్రతి కొలతా సుమారు 71 శాతానికి తగ్గుతుంది. ఈ సంఖ్య ఒక్కటి గుర్తుంటే చాలు, అక్షరాల పరిమాణం విషయంలో మళ్లీ అవసరమవుతుంది.

ఏ3 కాగితం 297 మిల్లీమీటర్ల వెడల్పు, 420 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. పైనా కిందా 20 చొప్పున, పక్కలకు పద్దెనిమిదిన్నర చొప్పున వదిలితే 260 వెడల్పు, 380 ఎత్తు గల చోటు మిగులుతుంది. దీనిని మూడు వరుసలుగా విడదీద్దాం. వరుసకూ వరుసకూ మధ్య సందు 10 మిల్లీమీటర్లు, ఒకే వరుసలోని గడుల మధ్య సందు 6 మిల్లీమీటర్లు. ఈ రెండు సందులూ సమానంగా ఉండకూడదు. దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక జట్టుగా చూస్తుంది. ఒకే వరుసలోని గడుల మధ్య సందు సన్నగా, వరుసల మధ్య సందు వెడల్పుగా ఉంటే, పాఠకుడు ఆలోచించకుండానే ముందు పక్కకు వెళ్లి, వరుస అయిపోయాక కిందికి దిగుతాడు. రెండూ ఒకే వెడల్పులో ఉంటే పేజీ కిటికీ చువ్వల్లా కనిపించి, పక్కకు వెళ్లాలో కిందికి దిగాలో తేలదు.

వరుసల ఎత్తులు 130, 95, 135 తీసుకుందాం. మొదటి వరుసంతా ఒకటో గడికే ఇస్తాం, ఎందుకంటే మెట్ల తలుపు, పిట్టగోడ, చీర ఎక్కడెక్కడ ఉన్నాయో పాఠకుడికి ఒకసారి స్పష్టంగా చూపిస్తే తరువాతి గడుల్లో వాటిని మళ్లీ గీయనక్కర్లేదు. రెండో వరుసలో మూడు గడులు: 90, 68, 90. మధ్యలోది సన్నగా ఉండటానికి కారణం అందులో ఒక చేయి, ఒక వడియం, ఒక ముఖం తప్ప మరేమీ లేకపోవడమే. మూడో వరుసలో సంభాషణ గడికి 190, చివరిదానికి 64. చివరి గడి నిలువుగా సన్నగా ఉంటే పైన కాకి, కింద కుర్రవాడు ఒకే చూపులో పడతారు.

రెండో వరుసలోని సందులు, మూడో వరుసలోని సందు ఒకే నిలువు గీతలో పడకుండా చూసుకోవాలి. మొదట నేను మూడో వరుసను 164, 90గా విడదీశాను. లెక్క కుదిరినా, రెండు వరుసల సందులు సరిగ్గా ఒకదాని కింద ఒకటి వచ్చి, నాలుగు గడుల మూలలు కలిసే చోట కూడిక గుర్తు ఏర్పడింది. అక్కడ నిలువు సందు పొడుగాటి దారిలా కన్నును కిందికి లాగుతుంది. 190, 64గా మార్చాక ఆ దారి తెగిపోయింది.

ఎక్కడ క్రమం చెడుతుంది

తెలుగు ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి చదువుతాం కాబట్టి గడుల క్రమం కూడా అంతే. ఇందులో తికమక ఏముందని అనిపిస్తుంది. తికమక వచ్చేది గడులన్నీ ఒకే ఎత్తులో లేనప్పుడు.

ఈ పేజీకే నేను వేసిన మొదటి నమూనాలో రెండో వరుస వేరుగా ఉండేది. కాకి గడిని, దాని కింద వడియం గడిని ఎడమవైపు ఒకదాని మీద ఒకటి పేర్చి, కుడివైపు రెండింటి ఎత్తూ కలిపినంత పొడుగాటి గడిలో ఖాళీ చీరను పెట్టాను. చూడటానికి అందంగానే ఉంది. మా అన్నయ్య కొడుకు చేతికిచ్చి వేలితో చూపిస్తూ చదవమంటే, వాడు కాకి గడి నుంచి నేరుగా పక్కనున్న పొడుగాటి గడిలోకి వెళ్లి, తిరిగి వెనక్కి వచ్చి కింద ఎడమవైపు గడిని చదివాడు. అంటే చీర ఖాళీ అయిన తరువాత వాడు మొదటి వడియం తిన్నట్టయింది. వాడి తప్పేమీ లేదు, పక్కకు వెళ్లడమనే అలవాటునే పాటించాడు.

ఈ అమరికను తిప్పి పొడుగాటి గడిని ఎడమవైపు, పేర్చిన రెండు గడులను కుడివైపు పెడితే ఇబ్బంది ఉండదు. ఎందుకంటే పొడుగాటి గడి అయిపోయాక వెళ్లగలిగే చోటు కుడివైపు పై గడి ఒక్కటే, అక్కడినుంచి కిందికి దిగడమే మిగులుతుంది. తప్పనిసరిగా ఎడమవైపే పేర్చవలసి వస్తే, ఆ రెండు గడుల మధ్య సందును 3 మిల్లీమీటర్లకు తగ్గించి, పొడుగాటి గడికీ వాటికీ మధ్య సందును 9కి పెంచవచ్చు, లేదా ఒక మాటల బుడగను పై గడి అంచు దాటించి కింది గడిలోకి దించవచ్చు. రెండూ పని చేస్తాయి కానీ, ఇలా మరమ్మతు చేయడం కన్నా మూడు గడులను ఒకే వరుసలో పెట్టడమే నాకు నచ్చింది. బాణం గుర్తులు వేయడం, గడులకు అంకెలు వేయడం మాత్రం చేయవద్దు. అవి అవసరమయ్యాయంటే అమరికే తప్పని అర్థం.

జపాన్ మాంగా చదువుతూ పెరిగినవారికి ఇంకో చిక్కు ఉంది. అక్కడ పేజీ కుడినుంచి ఎడమకు నడుస్తుంది, బుడగలు కూడా కుడి పైమూలనుంచే మొదలవుతాయి. ఆ పేజీల్లోని అమరికలు మనసులో నాటుకుపోయి తెలుగు పేజీలో తెలియకుండానే దిగుతాయి. నచ్చిన మాంగా పేజీని చూసి అమరిక తీసుకోదలిస్తే, దాన్ని అద్దంలో తిప్పినట్టు తిప్పి తీసుకోండి.

ఎవరు ఎడమవైపు నిలబడాలి

గడిలో ముందు మాట్లాడేవారు ఎడమవైపు ఉండాలి. బొమ్మ గీసే ముందే దీన్ని తేల్చుకోవాలి, తరువాత మార్చడం అసాధ్యం. మన పేజీలో ఒకటో గడిలోనూ ఐదో గడిలోనూ అమ్మమ్మే ముందు మాట్లాడుతుంది. కాబట్టి మెట్ల తలుపు డాబాకు ఎడమవైపు, కాకి వాలే పిట్టగోడ కుడివైపు అని మొదటే నిర్ణయించాను. అమ్మమ్మ ఎప్పుడు వచ్చినా ఎడమనుంచే వస్తుంది, కాకి ఎప్పుడు వాలినా కుడివైపే వాలుతుంది. మధ్యలో ఒక గడిలో అమ్మమ్మ, చిన్నాల పక్కలు తారుమారైతే పాఠకుడు మాటలను కూడా తారుమారుగా అంటగడతాడు.

బొమ్మల చూపులు, చేతులు కూడా దారి చూపుతాయి. రెండో గడిలో చిన్నా ఎత్తిన కర్ర కుడివైపు చూపాలి, అది మూడో గడికి తోవ. నాలుగో గడి వరుసలో చివరిది. అక్కడ వాడు కుడివైపు చూస్తే పాఠకుడి కన్ను పేజీ బయటకు జారుతుంది. వాడిని ఎడమవైపు కిందికి, ఖాళీ చీరవైపు చూసేలా గీస్తే కన్ను అదే వాలులో ఐదో గడి మొదటికి దిగుతుంది.

తెలుగు అక్షరాలకు బుడగలో ఎంత చోటు

ఇంగ్లీషు కామిక్స్ గురించి రాసిన కొలతలు తెలుగుకు సరిపోవు. తెలుగులో గుడులు, ఎత్వాలు అక్షరం పైకి పోతాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. "రాష్ట్రం" వంటి మాటలో అయితే ఒకే అక్షరం కింద రెండు ఒత్తులు చేరతాయి. దాని కింది పంక్తిలో "స్త్రీ" అన్న మాట వచ్చిందంటే పై ఒత్తు, కింది గుడి ఢీకొంటాయి. అందువల్ల పంక్తికీ పంక్తికీ దూరాన్ని అక్షరం పరిమాణానికి ఒకటిన్నర రెట్లు ఉంచాలి. ఏ ఫాంటు ఎంచుకున్నా ముందుగా "రాష్ట్రం", "లక్ష్మి", "స్త్రీ" అన్న మూడు మాటలను మూడు పంక్తులుగా రాసి, అవి ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. చేత్తో రాసేవారికి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం.

అచ్చులో 10 పాయింట్ల అక్షరం కావాలంటే ఏ3 మీద 14 పాయింట్లలో రాయాలి. పంక్తి దూరం 21 పాయింట్లు, అంటే దాదాపు ఏడున్నర మిల్లీమీటర్లు. నాలుగు పంక్తుల మాటకు 30, పైనా కిందా ఖాళీకి ఐదేసి కలిపితే బుడగ ఎత్తు 40 మిల్లీమీటర్లవుతుంది. 135 ఎత్తున్న గడిలో ఇది మూడో వంతుకు దగ్గర. మాటలను ముందే లెక్కపెట్టుకోమనడం ఇందుకే. ఒక బుడగలో ఎనిమిది, పది మాటలకు మించితే తెలుగులో బొమ్మకు చోటు దొరకదు. ఇంగ్లీషులో గీసిన పేజీని తెలుగు చేసేటప్పుడు పాత బుడగలోనే తెలుగు మాటలు పెడితే అవి అంచులకు ఆనుకుని ఊపిరాడనట్టు కనిపిస్తాయి. అలాంటప్పుడు బుడగను పెద్దది చేయాలి, లేకపోతే మాటను తగ్గించాలి, అక్షరాన్ని మాత్రం చిన్నది చేయకూడదు.

తెలుగు మాటల పొడవు మరో సమస్య. "ముట్టుకోలేదమ్మమ్మా" అని సంధి చేసి రాస్తే అది ఒకే మాటగా బుడగ వెడల్పునంతా ఆక్రమిస్తుంది, మధ్యలో విరిచి రెండు పంక్తులుగా రాస్తే చదివేవాడు తడబడతాడు. అందుకని బుడగలో సంధి విడదీసి, ఊపిరి తీసుకునే చోట పంక్తి విరవాలి. మధ్య పంక్తులు పొడుగ్గా, మొదటిది, చివరిది పొట్టిగా వచ్చేలా విరిస్తే అండాకారపు బుడగలో మాట చక్కగా కుదురుకుంటుంది:

ఒక్క
కాకి కూడా
ముట్టుకోలేదు,
అమ్మమ్మా!

మాట రాసిన తరువాతే దాని చుట్టూ బుడగ గీయాలి. బుడగ గీసి దానిలో మాట రాస్తే, చివరి పంక్తికి చోటు చాలక అక్షరాలు ముడుచుకుంటాయి. చేత్తో గీసిన పేజీలు ఎన్ని చూసినా ఈ తప్పే ఎక్కువగా కనిపిస్తుంది.

ఐదో గడిలో మూడు బుడగలు

ఈ పేజీలో కష్టమైనది ఐదో గడి. అమ్మమ్మ అడుగుతుంది, చిన్నా జవాబిస్తాడు, అమ్మమ్మ మళ్లీ అడుగుతుంది. అమ్మమ్మ ఎడమవైపు ఉంది కాబట్టి ఆమె రెండు బుడగలనూ ఎడమవైపే ఒకదాని కింద ఒకటి పెట్టాలని చేయి లాగుతుంది. అలా పెడితే పాఠకుడు రెండు ప్రశ్నలనూ వరుసగా చదివేసి, జవాబును చివర చదువుతాడు. "మరి ఏమైపోయాయి?" అన్న మాటకు అర్థమే పోతుంది.

బుడగల ఎత్తే ఇక్కడ క్రమాన్ని తేలుస్తుంది. గడి పై అంచునుంచి కొలిస్తే మొదటి బుడగ 4 నుంచి 36 వరకు ఎడమ మూలలో ఉంటుంది. చిన్నా బుడగ కుడివైపు 12 నుంచి 52 వరకు, మొదటిదానికన్నా కొంచెం దిగువగా ఉంటుంది. మూడో బుడగ రెండోదాని కింది అంచు దాటాకే, 56 దగ్గర మొదలు కావాలి. దాన్ని అమ్మమ్మ తల పైన కాక, ఇద్దరి మధ్య ఖాళీలో పెట్టి, తోకను ఎడమవైపు అమ్మమ్మ నోటివైపు తిప్పాలి. రెండు పంక్తుల ఆ బుడగ 81 దగ్గర ముగుస్తుంది. అంటే ఇద్దరి మధ్య చేయి చాచినంత దూరం ఉండేలా బొమ్మను ముందే పెన్సిల్‌తో ఆలోచించుకోవాలి, చిన్నా తల కూడా 60కి పైకి రాకూడదు. మొదటి బుడగనుంచి రెండోదానికి, అక్కడినుంచి మూడోదానికి గీత గీస్తే అది మెలికలు తిరుగుతూ కిందికే దిగాలి, ఎక్కడా పైకి ఎక్కకూడదు.

తోకల విషయంలో రెండే జాగ్రత్తలు. తోక నోటివైపు చూపాలి, తలవైపో భుజంవైపో కాదు. బుడగకూ నోటికీ మధ్య దూరంలో సగం దాటాక ఆగిపోవాలి, పెదవులను తాకకూడదు. ఒక తోక మరో తోకను దాటవలసి వస్తే తోకను వంకర తిప్పి లాభం లేదు, మనుషుల స్థానాలే తప్పు, మళ్లీ మొదటికి వెళ్లాలి.

రెండో గడిలోని "హుష్!" మాటే అయినా అరుపు కాబట్టి మొనలు తేలిన బుడగలో, రెట్టింపు పరిమాణంలో రాయవచ్చు. కాకి "కావ్" అనడం మాత్రం బుడగ లేకుండా, రెక్క పక్కన విడిగా రాస్తే బాగుంటుంది.

సిరా పెట్టే ముందు పరీక్ష

పెన్సిల్ పేజీని జిరాక్స్ తీయించి, దానిమీద బుడగల్లోని మాటలను తెల్ల కాగితం ముక్కలతో కప్పేయండి. కథ తెలియని ఒకరికి ఇచ్చి, ఏ గడి తరువాత ఏ గడో, ఏ బుడగ తరువాత ఏ బుడగో వేలితో చూపమనండి. మాటలు కనిపిస్తే అర్థాన్ని బట్టి క్రమాన్ని ఊహించగలరు, కప్పేస్తే అమరిక ఒక్కటే దారి చూపాలి. వేలు ఒక్క క్షణం గాలిలో ఆగిన చోటును గుర్తుపెట్టుకోండి. తప్పు దారి పట్టినా పట్టకపోయినా, ఆగిందంటే అక్కడ సందునో బుడగ ఎత్తునో సరిచేయాలి. "ఇటా, అటా?" అని మిమ్మల్ని అడిగితే జవాబు చెప్పకండి.

సిరా పెట్టేటప్పుడు మొదట అక్షరాలు, తరువాత బుడగల అంచులు, ఆ తరువాత గడుల అంచులు, చివర బొమ్మలు. బొమ్మ గీత బుడగ అంచు దగ్గర ఆగిపోవాలి కాబట్టి ఈ వరుస తిరగబడకూడదు.

అక్షరాలను కంప్యూటర్‌లో పెట్టేవారు పేజీని స్కాన్ చేశాక ఒక విషయం చూసుకోవాలి. ఫోటోషాప్‌లో తెలుగు సరిగా కూడాలంటే పాత వెర్షన్లలో టైప్ సెట్టింగుల్లో `World-Ready Layout` ఎంచుకుని ఉండాలి, ఇంకా పాతవాటిలో ఇదే `Middle Eastern and South Asian` అన్న పేరుతో ఉంటుంది. అది లేకపోతే ఒత్తులు అక్షరం కిందికి చేరకుండా పక్కన విడిగా, పొల్లుతో కనిపిస్తాయి. "అమ్మమ్మా" అన్న మాట "అమ్‌మమ్‌మా" అని విడిపోయిందంటే కారణం ఇదే. ఇంక్‌స్కేప్‌లో ఈ బెడద లేదు. ఫోటోషాప్‌లో సెట్టింగు మార్చాక కూడా పాత అక్షరాల పొరలు అలాగే ఉండిపోవచ్చు, వాటిని చెరిపి మళ్లీ టైప్ చేయాలి.

చివరగా పేజీని ఏ4 మీద ముద్రించి, చేతిలో పట్టుకునే దూరంలో ఉంచి చదవండి. ఐదో గడిలోని అక్షరాలు కష్టపడకుండా చదవగలిగితే, మూడో గడిలోని వడియం వడియంలాగే కనిపిస్తే, పేజీ అచ్చుకు ఇవ్వవచ్చు. నాది మొదటిసారి ముద్రించినప్పుడు వడియం అప్పడంలా కనిపించింది. దాని మీద మెలికల గీతలు నాలుగు చేర్చవలసి వచ్చింది.